మామయ్య నిలబడే తీరు

ఆ ఎండాకాలం మా ఇంట్లో పొద్దున లేవగానే ముందు పొగగొట్టం వైపు చూసేవాళ్లం. మొహం కడుక్కోవడం ఆ తర్వాతే. పెరటి మెట్టెక్కి మెడ చాచితే లాండ్రీ పొగగొట్టం కనిపిస్తుంది. పొగ లేచిందంటే మామయ్య క్షేమంగా లోపలికి చేరాడని అమ్మ ఊపిరి పీల్చుకునేది. అదే పొగ చూసి నేను విసురుగా మెట్టు దిగేదాన్ని. పొగ లేచిందంటే మా సమ్మెలో ఇంకో రోజు దండగైపోయినట్టే.

హోటళ్ల దుప్పట్లు, ఆస్పత్రుల బట్టలు బండ్ల మీద వచ్చి, ఉతికి, ఆరి, ఇస్త్రీ అయి మళ్లీ బండ్లెక్కే పెద్ద లాండ్రీ అది. నేను దుప్పట్ల రోలరు దగ్గర ఉండేదాన్ని. తడి దుప్పటి అంచు రెండు చేతులా పట్టి వేడి రోలరుకి అందించాలి. అందించిన క్షణంలో వేళ్లు వెనక్కి లాక్కోవాలి. ఆ ఎండల్లో ఇద్దరాడవాళ్లు మిషన్ పక్కనే కుప్పకూలారు. గోడకి కిటికీ పెట్టమన్నాం. మంచినీళ్లకి కాసేపు వదలమన్నాం. చెయ్యి కాలితే మందు ఇమ్మన్నాం. ఇంతకన్నా ఏమీ అడగలేదు, ఒట్టు. అలాంటివి ఇస్తే అలవాటైపోతుందన్నాడు మేనేజరు. బయటికొచ్చేశాం.

అందరూ వచ్చారు, బాయిలరు మనిషి తప్ప. ఆ బాయిలరు మనిషే మా మామయ్య, అమ్మకి స్వయానా అన్న. నాన్న పోయాక మా పొయ్యి ఆరకుండా చూసింది ఆయనే, నన్ను ఆ పనిలో పెట్టించిందీ ఆయనే. ఆవిరి లేనిదే ఆ లాండ్రీలో ఒక్క రుమాలు కూడా ఆరదు. ఆయన రోజూ లోపలికి వెళ్లి నిప్పు రాజేస్తున్నాడు కాబట్టే, ఎక్కణ్నుంచో తెచ్చిన కొత్త పిల్లలతో సగం మిషన్లు తిరుగుతున్నాయి. సాయంత్రం పని దిగాక గేటు దగ్గర మా మధ్యలోంచే తల దించుకుని వెళ్లేవాడు. నేను చూసేదాన్ని. ఆయన చూసేవాడు కాదు.

గేటు దగ్గర నా పని అరవడం. అరిచి అరిచి గొంతు పోయినప్పుడు మేనేజరుని చేసేదాన్ని, అచ్చం వాడిలా నడిచి, వాడిలా నిలబడి చూపించేదాన్ని. మనిషిని కూల్చాలంటే వాడు దాచుకునేదే పట్టుకోవాలి. ఆ మేనేజరు ఎవరైనా ఆడమనిషి ఎదురొస్తే పొట్ట లోపలికి పీల్చుకుంటాడు, ఆమె దాటగానే వదిలేస్తాడు. నేను అది చేసేదాన్ని. ఆడవాళ్లు ఒకరి మీద ఒకరు పడి నవ్వేవాళ్లు. ఆ నవ్వుతోనే ఆకలి సగం తీరేది. అది ప్రేమతో చేసే పని కాదు. రాయి విసరడం లాంటిది, కాకపోతే రాయికి రక్తం వస్తుంది.

అయితే గేటు దగ్గర అంత నవ్విన వాళ్లకే దెబ్బలు మొదలయ్యాయి. ముందు ఒకామెని పనిలోంచి తీసేశామని కబురొచ్చింది. తర్వాత ఇంకొకామె. ఇంకో పిల్ల అన్నని సందులో పట్టుకుని కొట్టారు. ఎవరు నిలబడుతున్నారు, ఎవరు గట్టిగా ఉన్నారు అన్నది లోపలికి పేరు పేరునా చేరిపోతోంది. మా ఇంటి మలుపులో ఒక మోటారు సైకిలు వచ్చి ఆగేది. మనిషి దిగడు, ఇంజను ఆపడు. ఆ చప్పుడు వినబడితే అమ్మ చేతిలో ఏ గిన్నె ఉంటే ఆ గిన్నె అక్కడే ఆగిపోయేది. నాకు మాత్రం భయం లేదా? ఊళ్లో అందరికీ ధైర్యం పంచి ఇంటికొచ్చి గడియ పెట్టానా లేదా అని మళ్లీ మళ్లీ చూసుకునేదాన్ని.

మడత సెక్షన్లో ఒకడున్నాడు. మాట్లాడితే చాలు బల్ల మీద పిడికిలి గుద్దుతాడు. అందుకని పిడికిలి అనే పిలుస్తాం. వాడు శనివారం నన్ను పక్కకి పిలిచాడు.

"అక్కా, పేర్లు ఎవరు మోస్తున్నారో మాకు తెలిసిపోయింది. నీకూ తెలుసు. లోపలికి వెళ్లేది ఒక్కడే."

"ఆయన అలాంటివాడు కాదు."

"నీకు మామయ్య. మాకు కాదు కదా. సోమవారం ఆయన డ్యూటీకి వచ్చేసరికి నువ్వు ఆయన్ని చెయ్యి. మేనేజరుని చేసినట్టే. జనం నవ్వాలి. నవ్వాక మేం చూసుకుంటాం."

"ఏం చూసుకుంటారు?"

వాడు పిడికిలి దేనిమీదా గుద్దలేదు. అదే నన్ను భయపెట్టింది. "నువ్వు చెయ్యకపోతే నువ్వూ ఆ ఇంటి మనిషివే అనుకుంటారు, అక్కా. ఆ తర్వాత నేను కూడా ఆపలేను" అన్నాడు.

నవ్విన గుంపు ఏం చేస్తుందో నాకు తెలుసు. మనిషిని ఒకసారి బొమ్మని చేసి చూపించావంటే, ఆ బొమ్మని కొట్టడానికి ఎవరి చెయ్యీ వెనకాడదు.

మధ్యలో ఆదివారం ఉంది. ఆదివారం అమ్మమ్మ పుట్టినరోజు.

అమ్మమ్మ పుట్టినరోజంటే మా ఇంట్లో ఒకటే వేడుక. అందరూ రావాలి, భోజనాలకి ముందు నేను అందరినీ చెయ్యాలి. చిన్నప్పుడు ఎప్పుడో పక్కింటి వాళ్లు వింటారని పిన్ని గొంతు తగ్గించి తిట్టే తీరు చేసి చూపించాను. అప్పటినుంచి ఆనవాయితీ అయిపోయింది. దానికి అమ్మమ్మ పెట్టిన పద్ధతులున్నాయి. చేసే మనిషి ముందు తనని తాను చేసుకోవాలి. ఎదురుగా లేనివాళ్లని చెయ్యకూడదు. ఎదురుగా ఉన్నవాళ్లని ఒక్కరినీ వదలకూడదు, వదిలితే ఆ మనిషిని ఇంట్లోంచి తీసేసినట్టు. కుంటినీ నత్తినీ ఏడుపునీ ముట్టుకోకూడదు. అన్నిటికన్నా పెద్దది: చేయించుకున్నవాళ్లకి దిద్దే హక్కుంది. "నేనలా అనను, ఇలా అంటాను" అని లేచి వాళ్లే చేసి చూపించవచ్చు. అసలు నవ్వంతా అక్కడే ఉంటుంది. నేను చేసినదానికన్నా వాళ్లు దిద్దబోయి చేసేదే ఎప్పుడూ ఎక్కువ నవ్వొస్తుంది.

"ఈసారి వద్దు అమ్మమ్మా" అన్నాను పొద్దున్నే.

"ఎందుకొద్దు?"

"మనసు బాగాలేదు."

"నీ మనసు బాగున్న రోజు చూసి పుట్టలేదే నేను" అంది.

పిన్నీ బాబాయీ ముందొచ్చారు. పిన్ని బట్టలు కుడుతుంది, నోట్లో గుండుసూదులు పెట్టుకునే మాట్లాడుతుంది. బాబాయి బస్సు నడుపుతాడు. తర్వాత మామయ్యా అత్తయ్యా వచ్చారు. మామయ్య గుమ్మంలో అడుగు పెట్టగానే బాబాయి పేపరు అడ్డం పెట్టుకున్నాడు. అమ్మ మాత్రం, "రా అన్నయ్యా, ఎండలో పడి వచ్చావు, మంచినీళ్లు తాగు" అని గడగడా మాట్లాడింది. భయమేస్తే అమ్మకి మాటలెక్కువవుతాయి. మామయ్య నాకేసి చూసి, "ఏం అమ్మడూ" అన్నాడు. "ఏం లేదు మామయ్యా" అన్నాను. సమ్మె మొదలయ్యాక మేం మాట్లాడుకున్న మాటలు అవే.

పిన్ని నన్ను వంటింట్లోకి లాగింది. ఆటలో నాకు తోడు పిన్నే. నేను వేషం మారుస్తుంటే మధ్యలో ఒక మాట అందిస్తుంది, దారి తప్పితే లాక్కొస్తుంది.

"అన్నయ్యని చెయ్యకుండా వదిలేస్తావా?"

"అదే ఆలోచిస్తున్నా."

"వదిలితే మా అమ్మ ఊరుకోదు. చేస్తే... జాగ్రత్తగా చెయ్యి. నీ నోట్లో ఇప్పుడు గేటు ఉంది."

ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. గేటు దగ్గర చేసేది వేరు, ఇంట్లో చేసేది వేరు. గొంతు అదే, వెతికేది వేరు. ఇంట్లో చేసేటప్పుడు ఎవరి గుట్టూ పట్టుకోను. వాళ్లు పదిమందిలో దర్జాగా చేసేదే పట్టుకుంటాను. చాలామంది గొంతు దగ్గర మొదలుపెడతారు, అందుకే తేలిపోతారు. గొంతు ఆఖర్న వస్తుంది. ముందు పాదాలు చూడాలి, బరువు ఏ కాలి మీద ఉందో. తర్వాత ఊపిరి, మాటకి ముందు పీలుస్తారా వదులుతారా. తర్వాత చేతులు, పని లేనప్పుడు ఎక్కడికి పోతాయో. ఈ మూడూ కుదిరితే గొంతు దానంతటదే వచ్చి కూర్చుంటుంది. పేరు చెప్పకముందే నవ్వు పుట్టాలి. పేరు చెప్పాక పుట్టిన నవ్వు మర్యాదకి పుట్టింది.

మామయ్యకయితే వెతకక్కర్లేదు. పుట్టి బుద్ధెరిగాక చూస్తున్న మనిషి. రెండు పాదాలూ ఎడంగా వేసి మడమల మీద నిలబడతాడు. ఎవరేం అన్నా ముందు తల పక్కకి వంచి వింటాడు, బాయిలరు విన్నట్టు. చూపుడు వేలి గోరుతో దగ్గరున్నదాన్ని టిక్కుటిక్కుమని కొడతాడు, ఆవిరి ఎంతుందో చూపించే ముల్లు ఇరుక్కుందేమోనని అద్దాన్ని కొట్టినట్టు. ఆ తర్వాత పెద్దగా ఉస్సుమని ఊపిరి వదులుతాడు. అప్పుడు గానీ మాట రాదు. వచ్చే మాట కూడా ఒకటే: "సరే, చూద్దాం."

అయినా అలవాటు కొద్దీ మధ్యాహ్నం దాకా ఆయన్ని చూస్తూ కూర్చున్నాను. చూడటం వేరు, చూసిందేమిటో తెలియడం వేరు.

భోజనాలకి ముందు అమ్మమ్మ గోడవార కుర్చీలో కూర్చుని చేతులు చరిచింది. అందరూ చాప మీద. మామయ్య చాప మీద కూర్చోలేదు, గోడకి ఆనుకుని స్టూలు మీద కూర్చున్నాడు. మొదలుపెట్టాను.

ఆటకి ఎప్పుడూ ఒక సందర్భం కావాలి. అందరూ ఒకే చిక్కులో పడాలి, ఎవరికి వాళ్లు తమ తీరులో కొట్టుకోవాలి. ఆ రోజు నేను కరెంటు తీసేశాను.

"కరెంటు పోయింది!" అంది పిన్ని.

ముందు నన్ను నేను చేసుకున్నాను. చీకట్లో కుర్చీ ఎక్కి చెయ్యి పైకెత్తి, "ఈ చీకటికి బాధ్యులెవరు? సమాధానం చెప్పాలి!" అని అరిచి, దిగబోతూ కుర్చీ తన్నేసుకుని, "ఇదీ కుట్రే!" అన్నాను. అమ్మమ్మ నవ్వింది. ముందు మనల్ని మనం తిట్టుకుంటేనే తర్వాతివాళ్లకి చొక్కా గుండీ వదులవుతుంది.

బాబాయి సులువు. ఆయన ఇంట్లో నడిచినా బస్సు నడిపినట్టే. లేని స్టీరింగు తిప్పుతూ, చీకట్లో అద్దంలో వెనక్కి చూస్తూ, "ముందుకి జరగండి, ముందుకి జరగండి, లోపలంతా ఖాళీయే" అని వంటింట్లోకి పోనిచ్చాను. బాబాయి లేచి దిద్దాడు. "నేను ఎప్పుడూ అలా తిప్పను, ఇదిగో, ఇలా" అని మోచేతులు రెక్కల్లా ఎత్తి తిప్పేసరికి అత్తయ్య పొట్ట పట్టుకుంది.

పిన్ని: నోట్లో గుండుసూదులు. "ఎఫఱూ ఖధలఖండి, శూదులు పఢ్ఢాయి!" పిన్ని దిద్దటానికి లేచి, నిజంగానే అంచున గుచ్చుకుని ఉన్న సూది తీసి నోట్లో పెట్టుకుని మాట్లాడింది. ఒక్క అక్షరం తేడా లేదు.

అత్తయ్య అగ్గిపెట్టె వెతుకుతూ దొరికిన ప్రతిదాన్నీ పలకరిస్తుంది: "ఓ, గరిటా, నువ్విక్కడున్నావా? నిన్నట్నుంచీ వెతుకుతున్నా." అమ్మ చీకట్లో కూడా అందరూ తిన్నారా లేదా అని తడిమి చూస్తుంది, చివరికి తలుపుని పట్టుకుని, "నువ్వు చిక్కిపోయావే" అంటుంది. అమ్మమ్మ అన్నీ విని, ఆఖర్న, "కళ్లు మూసుకుంటే ఎప్పుడూ ఇంతే కదా, పడుకోండి" అంటుంది. అమ్మమ్మకి ఎంత నవ్వొచ్చిందంటే పళ్లసెట్టు పట్టుకుంది.

అలా ఎందుకు చేస్తానో చెప్పాలి. ఒక్కొక్కరిలో ఒక్కటే పెంచాలి, మిగతాదంతా ఉన్నది ఉన్నట్టు ఉంచాలి. రెండు పెంచితే వెక్కిరింత అవుతుంది. చేస్తున్నంతసేపూ వాళ్ల మొహం మీద కన్నుండాలి. మొహం బిగిస్తే వెంటనే వేరే మనిషిలోకి దూకెయ్యాలి. వదిలేటప్పుడు వాళ్లని గెలిపించి వదలాలి. తలుపుని చిక్కిపోయావన్న అమ్మ మీద అందరికీ మనసు కరిగిందే తప్ప చులకన కాలేదు.

ఇంక ఒక్కరే మిగిలారు.

"మా అన్నయ్య ఎక్కడ?" అంది పిన్ని. ఆ మాట ఆటలోదే. కానీ అందరూ స్టూలు వైపు చూడటం మానేశారు.

నేను మామయ్యని చేద్దామని నిలబడ్డాను. పాదాలు ఎడంగా వెయ్యబోయాను. అవి దగ్గరికొచ్చాయి. బరువు మడమల మీదికి పోలేదు, మునివేళ్ల మీదికి పోయింది. పరిగెత్తబోయేవాడి బరువు అది. వీపు వెళ్లి గోడ వెతుక్కుంది. తల వంగలేదు, గుమ్మం వైపు తిరిగింది. చెయ్యి, గోటితో కొట్టాల్సిన చెయ్యి, పైకొచ్చి చొక్కా మెడ పట్టుకుంది. నేను అనుకున్నదొకటి, చేసిందొకటి. పొద్దున్నించి నా కళ్లు చూసిన మామయ్య నా ఒంట్లోకి వచ్చి కూర్చున్నాడు, ఎన్నేళ్లనుంచో ఎరిగిన మామయ్యని పక్కకి తోసేసి.

"ఏం అన్నయ్యా, కదలవేం? చీకటిగా ఉంది కదా" అని పిన్ని మాట అందించింది.

ఇప్పుడు ఉస్సుమనాలి. నేను వదలబోయాను. రాలేదు. మెడ దగ్గర చెయ్యి అలా బిగిసి ఉంటే ఊపిరి బయటికి రాదు. ఊపిరి వదలని మనిషికి "సరే, చూద్దాం" అనే మాట రాదు. ఆ ఒక్క క్షణం నాకు తెలిసిపోయింది. పేర్లు మోసేవాడి ఒళ్లు కాదిది. గడియ పెట్టానా లేదా అని లేచి చూసుకునేవాడి ఒళ్లు. నా ఒళ్లే.

ఎవరూ నవ్వలేదు. నేను మొహం మీద కన్నుంచాల్సిన పని మర్చిపోయాను. వేరే మనిషిలోకి దూకలేదు.

"అదేంటి" అన్నాడు మామయ్య. నవ్వే ప్రయత్నం చేశాడు. "నేనలా నిలబడనే." దిద్దే హక్కుంది కదా, లేచాడు. "నేను నిలబడితే ఇదిగో, ఇలా..."

నిలబడ్డాడు. పాదాలు దగ్గరగా, వీపు గోడకి. చెయ్యి దానంతటదే లేచి చొక్కా మెడ పట్టుకుంది. కిందికి దించాడు. మళ్లీ లేచింది. ఆ చేతికేసి ఆయనే ఎవరిదో అన్నట్టు చూశాడు.

అమ్మమ్మ కుర్చీలోంచి అంది: "వడ్డించండి. నువ్వు, పిల్లా, మామయ్యని పెరట్లోకి తీసుకెళ్లి చెయ్యి కడిగించు."

పెరట్లో నేను చెంబుతో నీళ్లు పోస్తుంటే ఆయన చేతులు రుద్దుకుంటూనే ఉన్నాడు.

"ఎవరు బెదిరిస్తున్నారు మామయ్యా?"

"సరే, చూ..." ఆగిపోయాడు. తర్వాత మెల్లిగా చెప్పాడు, నీళ్ల చప్పుడు కింద. నిప్పు ముందు ఆయన వెనకాల ఒకణ్ని నిలబెట్టారు, చేతిలో ఇనుపరాడ్. నువ్వు సమ్మెలో కలిసిన రోజే నీ మేనకోడలిని లోపలేయిస్తాం, కేసు తయారుగా ఉంది అన్నాడు మేనేజరు. ఇంట్లో చెప్పినా అంతే అన్నాడు.

"అంతేనా?"

"అంతే అయితే నీతో చెప్పి బయటికొచ్చేవాణ్నేమో అమ్మడూ. నిన్ను లోపలేస్తే నువ్వు అక్కడా అరుస్తావు. ఆ కొత్త పిల్లలున్నారు. పని అయ్యాక వాళ్లని బాయిలరు పక్క గదిలోనే ఉంచి బయటినుంచి తాళం వేస్తున్నారు, మీతో కలుస్తారని. నేను రాకపోతే ఆ రాడ్ వాడే నిప్పు వేస్తాడు. వాడికి నీళ్లు చూడటం తెలీదు. బాయిలర్లో నీళ్లు తగ్గి, కాలిన రేకు మీద ఒక్కసారి చల్లనీళ్లు వదిలాడంటే..." చేతులు రుద్దుకోవడం ఆపాడు. "తాళం వేసిన గది అది."

నేను చెంబు కింద పెట్టేశాను.

"మరి పేర్లు? పేర్లెవరు చెప్తున్నారు?"

ఆయన నాకేసి మొదటిసారి సూటిగా చూశాడు. "నువ్వు మేనేజరుని చేస్తావు కదా. మీ వాళ్లంతా మేనేజరు కూర్చునే మేడ వైపు మొహాలు పెట్టి నవ్వుతారు. పై కిటికీలోంచి ఫోన్లో తీస్తారు. తర్వాత హాజరు వేసేవాణ్ని కూర్చోబెట్టి, ఇదెవరు అదెవరు అని అడుగుతారు. నన్నూ అడిగారు. నా కళ్లు బాగా కనబడవన్నాను."

మెట్టు మీద కూర్చుండిపోయాను. రాయి విసురుతున్నాననుకున్నాను. దీపం పట్టుకుని మా వాళ్ల మొహాలు చూపిస్తున్నాను.

సోమవారం పొద్దున గేటు దగ్గర జనం రోజూకన్నా ముందే ఉన్నారు. చేతులు వెనక పెట్టుకున్నారు. ఆ చేతుల్లో ఏముందో అడగక్కర్లేదు. పిడికిలి నా పక్కకొచ్చి, "వస్తున్నాడు అక్కా, మొదలుపెట్టు" అన్నాడు. వీధి మొదట్లో మామయ్య. తల దించుకుని, గోడ వారగా.

నేను గేటు దగ్గర నిలబడలేదు. రోడ్డు దాటి అటుపక్క అరుగెక్కాను.

"ఇటు రండి! అందరూ ఇటు తిరగండి. ఆ మేడకి వీపులు చూపించండి. మన నవ్వు వాళ్లకెందుకు?"

తిరిగారు. ఇప్పుడు కిటికీకి కొప్పులూ మెడలూ తప్ప ఏమీ కనబడవు. ఇది తప్పితే వచ్చే దెబ్బ నా మీద పడదు, ఆ గోడవార నడిచొస్తున్న మనిషి మీద పడుతుంది.

మామయ్యని చేశాను. గేటు మనిషిలా కాదు, ఇంటి మనిషిలా. పాదాలు ఎడంగా, మడమల మీద. రోలరు దగ్గరి ఆడవాళ్లు వరసగా టిఫిన్ గిన్నెలు పట్టుకొచ్చి వెచ్చబడటానికి ఆవిరి గొట్టం మీద పెట్టమంటున్నారు, అదీ సందర్భం. తల వంచి ఒక్కో గిన్నె విన్నాను. గోటితో టిక్కుటిక్కు కొట్టాను. పెద్దగా ఉస్సుమని, "సరే, చూద్దాం" అన్నాను. గిన్నె గొట్టం మీద పెట్టాను. ఇంకో గిన్నె. ఇంకో "సరే, చూద్దాం." ఎవరో మూత తెరిచి ఉన్న గిన్నె ఇస్తే, కళ్లు పక్కకి తిప్పుకుని మూత పెట్టాను. ఎవరు ఏం తెచ్చుకున్నారో చూడకూడదని ఆయన అలాగే చేసేవాడు.

ముందు ఒక ముసలామె నవ్వింది. పేరు చెప్పకుండానే. "మన బాయిలరాయనే!" అని ఇంకొకామె. "నా గిన్నె మాడ్చాడు ఒకసారి, తనది ఇచ్చేశాడు" అని వెనకనుంచి ఒక గొంతు. ఆ నవ్వు మేనేజరు మీద నవ్వినట్టు పళ్ల మధ్యనుంచి రాలేదు. కిందినుంచి వచ్చింది. రాయి కింద పడిన చప్పుడు విన్నాను. తర్వాత ఇంకోటి.

మామయ్య రోడ్డు మధ్యలో ఆగిపోయి ఉన్నాడు.

అప్పుడు చెప్పాను. కిటికీ సంగతి, రాడ్ సంగతి, తాళం వేసిన గది సంగతి. పిడికిలి మొహం తెల్లబోయింది. "లోపలున్నది మన పిల్లల్లాంటి పిల్లలు. తాళం తీయించేదాకా నినాదం వేరేది లేదు" అన్నాను. పిడికిలి వెళ్లి మామయ్య పక్కన నిలబడ్డాడు, అంతే. గేటు దాకా ఆయనతో నడిచాడు. వెనక జనమంతా. అంతమందిని చూసి పారిపోయాడేమో, రాడ్ మనిషి కనబడలేదు, గేటు తెరుచుకుంది.

బాయిలరు ఫ్యాను కాదు, నొక్కగానే ఆగడానికి. నిప్పు లాగి, నీళ్లు చూసుకుంటూ, ఆవిరి కొంచెం కొంచెం వదులుతూ మధ్యాహ్నం దాకా పట్టింది. ఈలోపు తాళం తీయించాం. ఆ పిల్లలు కళ్లు చికిలించుకుంటూ బయటికొచ్చారు. మామయ్య అందరికన్నా ఆఖర్న వచ్చాడు. ఆ సాయంత్రం పొగ లేదు.

మేనేజరు అన్న మాట నిలబెట్టుకున్నాడు. పొగ ఆగిన మర్నాడే పోలీసులు నన్ను పట్టుకెళ్లారు. లోపల ఎలా ఉందంటే, చెప్పను. అరిచాను, నిజమే. కానీ అరుపుల మధ్య ఎవరైనా తాళం తీసే చప్పుడు వినబడితే ఒళ్లు ముద్దకట్టుకుపోయేది. వానలు పడేముందు వదిలేశారు. కిటికీ పెట్టారు. నీళ్లకి వదులుతున్నారు. మందు ఇంకా అడుగుతూనే ఉన్నారు. నన్ను పనిలోకి తీసుకోలేదు, మామయ్యని కూడా. ఆయన ఇప్పుడు అత్తయ్యతో సహా మా ఇంట్లోనే ఉంటున్నాడు. ఆ మోటారు సైకిలు మాత్రం అప్పుడప్పుడు మలుపులో ఆగి పోతూ ఉంటుంది.

నేను వచ్చిన వారానికి అమ్మమ్మ మళ్లీ చేతులు చరిచింది.

"ఇవాళ పుట్టినరోజు కాదు కదా అమ్మమ్మా?"

"నువ్వు తిరిగొచ్చావు కదా. కానీ."

వరసగా అందరినీ చేశాను. మామయ్య దగ్గరికొచ్చేసరికి పాదాలు ఎడంగా వేశాను, తల వంచాను, గోటితో కొట్టాను, ఉస్సుమన్నాను. అందరూ నవ్వారు, బాబాయి అందరికన్నా పెద్దగా. మామయ్య స్టూలు మీదే ఉన్నాడు, వీపు గోడకి, చెయ్యి చొక్కా మెడ మీద. అది ఆయన్ని వదల్లేదు. బహుశా ఇంక వదలదు.

దిద్దడానికి లేవలేదు ఆయన. "అన్నీ చేశావు అమ్మడూ" అన్నాడు, మెడ మీది చేతికేసి గడ్డంతో చూపిస్తూ. "ఇదొక్కటీ వదిలేశావేం? ఇప్పుడు నేనిలాగే కదా ఉంటాను."

"అది నీది కాదు మామయ్యా" అన్నాను. "అది వాళ్లది."